ఓపెనింగ్ చెక్‌లిస్ట్‌లో టిక్కులు తీసేయండి

స్టోర్ తెరిచే ముందు నింపే చెక్‌లిస్ట్ చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. ఎడమవైపు పనుల పేర్లు, కుడివైపు చిన్న గడులు, అడుగున షిఫ్ట్ సూపర్‌వైజర్ సంతకం. లైట్లు వేశారా, ఫ్లోర్ తుడిచారా, ఒక్కో కౌంటర్‌కి తెరిచేటప్పుడు ఇచ్చే చిల్లర డబ్బు, అంటే ఫ్లోట్, చూశారా, స్టాక్ సర్దారా అని వరసగా ప్రశ్నలు. తలుపు తెరవడానికి రెండు నిమిషాల ముందు ఎవరో ఒకరు పెన్ను తీసుకుని పైనుంచి కిందిదాకా టకటకా టిక్కులు పెట్టేస్తారు. సూపర్‌వైజర్ సంతకం చేస్తారు. కాగితం ఫైల్లోకి వెళ్లిపోతుంది.

ఈ టిక్కు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. పని ఎవరు చేశారో అది చెప్పదు. ఎప్పుడు చేశారో చెప్పదు. చూసినప్పుడు ఏం కనబడిందో అసలే చెప్పదు. "ఫ్లోట్ చూశారా" అన్న గడిలో టిక్కు ఉందనుకోండి. సాయంత్రం గల్లాపెట్టెలో 500 తగ్గితే ఆ టిక్కు దేనికి పనికొస్తుంది? పొద్దున పెట్టెలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి, తగ్గింది పొద్దునేనా, పగలు బిల్లింగులోనా అని తేల్చే దారే ఉండదు. చివరికి కౌంటర్‌లో కూర్చున్న మనిషి మీద అనుమానం పడుతుంది. చెక్‌లిస్ట్ ఉండి కూడా ఆ మనిషిని కాపాడలేకపోయింది.

అందుకే నేను చెప్పేది ఇది. గడి తీసేసి, ప్రతి పని ఎదురుగా ఒక పేరు, ఒక టైము రాయండి. లెక్కపెట్టగలిగిన పని అయితే అంకె కూడా రాయండి. పేరు, టైము ముందే రాయాలి, అంటే పని మొదలుకాకముందే. అంకె మాత్రం పని చేసిన మనిషే, చేసిన చోటే, చేసిన వెంటనే రాయాలి. ఇలా మారిస్తే చెక్‌లిస్ట్ కాస్తా పనులు పంచే కాగితం అవుతుంది. షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి పొద్దున ఉన్న అసలు పని కూడా పంచడమే.

ముందు క్యాష్ సంగతి చూద్దాం, ఎక్కువసేపు చూద్దాం. ఎందుకంటే తెరిచే ముందు ఉండే గంటలో మధ్యలో ఆపకూడని పని ఇదొక్కటే. ఫ్లోర్ తుడవడం సగంలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు, ర్యాక్ సర్దడమూ అంతే. నోట్లు లెక్కపెడుతున్న మనిషిని "ఆ తాళాలెక్కడున్నాయి" అని పిలిస్తే మాత్రం లెక్క మళ్లీ మొదటినుంచే. లేదా, ఇంకా ప్రమాదం, "ఇంతవరకు లెక్కపెట్టినట్టున్నాను" అని అక్కడినుంచి కొనసాగుతుంది. కాబట్టి షీటులో క్యాష్ ఎదురుగా రాసే టైము కేవలం గడువు కాదు. ఆ ఇరవై నిమిషాలు ఆ ఇద్దరినీ ఎవరూ పిలవకూడదని మిగతావాళ్లకు చెప్పడం కూడా.

ఇద్దరు అన్నాను. సేఫ్ తెరిచేటప్పుడు ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు లెక్కపెడతారు, ఒకరు చూస్తూ రాస్తారు, తర్వాత మారతారు. చాలా స్టోర్లలో కనిపించే పద్ధతి ఏంటంటే రాత్రి క్లోజింగ్ వాళ్లు రాసిన అంకె పక్కన పెట్టుకుని, నోట్లు లెక్కపెట్టి, "ఆ, సరిపోయింది" అనడం. అలా చేయకండి. రావాల్సిన అంకె కళ్లముందు ఉంటే మనసు ఆ అంకె వైపే వెళ్తుంది. ఒక కట్టలో ఒక నోటు తక్కువ వచ్చినట్టనిపించినా, "నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను" అనుకుని సరిపెట్టేసుకుంటాం. రాత్రి అంకె ఉన్న కాగితం మడిచి సూపర్‌వైజర్ దగ్గర ఉండాలి. లెక్కపెట్టిన మనిషి తన అంకె షీటులో రాశాకే అది విప్పాలి. రెండూ కలిస్తే కలిసినట్టు. కలవకపోతే ఇద్దరూ మళ్లీ లెక్కపెట్టి రెండో అంకె మొదటి అంకె కిందే రాయాలి, మొదటిది కొట్టేయకుండా.

తేడా వచ్చినప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఆ తేడా ఎంతో కాదు, ఎలాంటి అంకో. తేడా సరిగ్గా 500 లేదా 100 అయితే ఒక నోటు అటో ఇటో అయిందని అనుమానించొచ్చు. కట్టల్లో, సేఫ్ అరల్లో, బ్యాంకు సంచీల్లో వెతకాలి. తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే ముందు కాగితాన్ని అనుమానించాలి. ఉదాహరణకి రాత్రి షీటులో 46,530 అని ఉంది, పొద్దున లెక్కిస్తే 46,350 వచ్చింది. తేడా 180. అంటే 9 ఇరవైసార్లు. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9కి గుణిజమే అవుతుంది. ఇక్కడ 5, 3 చోట్లు మారాయి. రాత్రి వాళ్లు నోట్ల వారీగా విడిగా రాసి ఉంటే మళ్లీ కూడి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. 9తో భాగమైనంత మాత్రాన అదే కారణమని ఖాయం చేసుకోకూడదు, నిజంగా 90 పోయినా 9తో భాగమవుతుంది. కానీ ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో మాత్రం ఇది చెబుతుంది. పొద్దున ఉన్న టైములో అదే చాలా పెద్ద సాయం.

ఇక ఫ్లోట్. దీని విషయంలో చెక్‌లిస్టులు చేసే పెద్ద పొరపాటు మొత్తం మాత్రమే అడగడం. ఒక కౌంటర్ ఫ్లోట్ 3,000 అనుకుందాం. ఒక పెట్టెలో 500 నోట్లు రెండు, 100 నోట్లు పది, 50 నోట్లు పది, 20 నోట్లు పది, 10 నోట్లు ఇరవై, మిగిలిన వంద రూపాయలకు నాణేలు. ఇంకో పెట్టెలో 500 నోట్లు నాలుగు, 100 నోట్లు తొమ్మిది, ఒక 50 నోటు, ఐదు 10 నోట్లు. రెండూ 3,000లే. రెండింటికీ టిక్కు పడుతుంది. ఇప్పుడు రెండో పెట్టెతో కౌంటర్ తెరవండి. మొదటి మనిషి 140 బిల్లుకి 500 ఇచ్చాడు. 360 తిరిగివ్వాలి: మూడు వందలు, ఉన్న ఒక్క 50 నోటు, ఒక పది. రెండో మనిషి 260 బిల్లుకి 500 ఇచ్చాడు. 240 ఇవ్వాలి: రెండు వందలు, నాలుగు పదులు. అంతే, ఇద్దరితోనే చిన్న నోట్లు అయిపోయాయి. పెట్టెలో ఇక వందలు, ఐదొందలే. మూడో మనిషి వచ్చేసరికి క్యాషియర్ పక్క కౌంటర్‌కి చెయ్యి చాపుతాడు, పక్క కౌంటర్ వాళ్లు తమ పెట్టెలోంచి తీసిస్తారు, అది ఎక్కడా రాయరు. సాయంత్రం ఒక పెట్టెలో తక్కువ, ఇంకో పెట్టెలో ఎక్కువ రావడానికి ఇది మామూలు కారణం. దొంగతనం లేదు, బిల్లింగ్ తప్పు లేదు. పొద్దున చిల్లర సరిగ్గా పంచకపోవడమే.

కాబట్టి షీటులో ఫ్లోట్ దగ్గర నోటు నోటుకీ ఒక వరస ఉండాలి. ఎన్ని అని రాయాలి, ఎంత అని కాదు. మొత్తం చివర కూడుకోవచ్చు. ఎవరి పెట్టె వాళ్లే లెక్కపెట్టుకోవాలి, సూపర్‌వైజర్ లెక్కపెట్టి "సరిగ్గానే ఉంది, తీసుకో" అని ఇవ్వకూడదు. పక్కన నిలబడి చూసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఆ క్షణం నుంచి ఆ పెట్టె ఆ ఒక్క మనిషిది. బ్రేకుకి వెళ్తే పెట్టె తాళం వేసి వెళ్లాలి, బదులు కూర్చునేవాళ్లు తమ పెట్టెతో, తమ లాగిన్‌తో కూర్చోవాలి. ఒకే పెట్టె మీద ఇద్దరు పనిచేస్తే తేడా వచ్చినప్పుడు ఇద్దరూ నిర్దోషులే, ఇద్దరూ దోషులే. ఒకటి రెండు పెట్టెలు అదనంగా కొనడానికి వెనకాడే యజమానులు ఈ సంగతి ఆలోచించాలి. బ్రేకుల్లో బదులు కూర్చునే మనిషికి కూడా పొద్దునే చిన్న ఫ్లోట్ లెక్కపెట్టి సేఫ్‌లో ఉంచితే, మధ్యాహ్నం హడావిడిలో సేఫ్ తెరిచి నోట్లు వెతుక్కునే పని ఉండదు.

కౌంటర్ మీద మెషీన్ల సంగతి ఇంత లోతుగా చెప్పక్కర్లేదు, ఒక్క విషయం తప్ప. ప్రింటర్ రోల్, స్కానర్, కార్డ్ మెషీన్ ఛార్జింగ్, నెట్‌వర్క్, ఇవి పని చేయకపోతే వెంటనే తెలుస్తుంది. తెలియకుండా ఉండిపోయేది నిన్నటి డే ఎండ్, అంటే ఆ రోజు అమ్మకాల లెక్క మూసే రిపోర్ట్. రాత్రి క్లోజింగ్‌లో ఆ రిపోర్ట్ తీసి రోజు మూసేయకపోతే, కొన్ని బిల్లింగ్ సిస్టమ్స్‌లో ఈరోజు మొదటి బిల్లు నిన్నటి అమ్మకాల్లోకి వెళ్లి కూర్చుంటుంది. బిల్లు మామూలుగానే వస్తుంది, డబ్బు మామూలుగానే పెట్టెలో పడుతుంది, ఎవరికీ ఏమీ కనబడదు. సాయంత్రం రిపోర్ట్ తీస్తేనే రెండు రోజుల లెక్కలు కలగాపులగమై కనిపిస్తాయి. అందుకని షీటులో "సిస్టమ్ ఆన్ చేశారా" అన్న ప్రశ్న తీసేసి, బిల్లింగ్ స్క్రీన్ మీద కనిపించే తేదీని, మొదటి బిల్లు నంబరుని రాయమనండి. చూడకుండా రాయలేని అంకెలు అవి. కార్డ్ మెషీన్‌లో కూడా అంతే, నిన్నటి బ్యాచ్, అంటే నిన్నటి కార్డు చెల్లింపులన్నీ, సెటిల్ అయిందో లేదో ఆ స్లిప్పు చూసి రాయాలి.

స్టాక్‌కి వద్దాం. పొద్దున స్టాక్ మనుషులకు సాధారణంగా ఇచ్చే ఆదేశం "ర్యాకులు నింపండి". ఇది అందరికీ ఇష్టమైన పని, ఎందుకంటే చేసినట్టు కనబడుతుంది. ముందు వరసలు నిండుగా కనిపిస్తే మేనేజరూ సంతోషిస్తాడు. కానీ నా లెక్కలో తెరిచే ముందు స్టాక్ వైపు అన్నిటికన్నా ముందు చేయాల్సింది ధరల ట్యాగులు. రాత్రి ఒక ఆఫర్ ముగిసి, ఇంకో ఆఫర్ మొదలైందనుకోండి. సిస్టమ్‌లో ధర అర్ధరాత్రే మారిపోయింది, ర్యాకు మీద కాగితం మాత్రం నిన్నటిదే. ఖాళీ ర్యాకు చూసిన కస్టమర్ మహా అయితే "ఇంకా రాలేదా" అని అడుగుతాడు. తప్పు ట్యాగు చూసి వస్తువు కౌంటర్ దాకా తెచ్చిన కస్టమర్ వాదిస్తాడు, వాదించే హక్కు అతనికి ఉంది. ఆ వాదన క్యూ మొత్తాన్ని ఆపుతుంది, సూపర్‌వైజర్ వచ్చి ధర మార్చాలి. ఒక్కో ట్యాగుకీ ఇలా ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించండి.

ట్యాగుల్లోనూ ఒక వరస ఉంది. ముగిసిన ఆఫర్ల కాగితాలు పీకేయడం ముందు, కొత్తవి పెట్టడం తర్వాత. చాలామంది కొత్తవి పెడుతూ పాతవి తీస్తూ ర్యాకు ర్యాకుకీ పోతారు. టైము సరిపోతే ఏ ఇబ్బందీ లేదు. సరిపోకపోతే స్టోర్ సగంలో పాత తక్కువ ధరలు అలాగే వేలాడుతుంటాయి. కొత్త ఆఫర్ కాగితం లేకపోతే కస్టమర్‌కి కౌంటర్‌లో అనుకున్నదానికన్నా తక్కువ పడుతుంది, ఎవరూ గొడవపడరు. పాత కాగితం ఉండిపోతేనే గొడవ. పని అయ్యాక మారిన వాటిలోంచి పది వస్తువులు చేతికొచ్చినవి కాకుండా, వేరువేరు ర్యాకుల నుంచి తీసి స్కాన్ చేసి, ఎన్ని కలిశాయో షీటులో రాయాలి. పదికి తొమ్మిది కలిస్తే ఆ తొమ్మిదే రాయాలి. పదో దాని ర్యాకు మొత్తం మళ్లీ చూడాలి, ఎందుకంటే ట్యాగు తప్పులు సాధారణంగా ఒంటరిగా ఉండవు, ఒక ర్యాకు మొత్తం వదిలేసినప్పుడే వస్తాయి.

రెండోది, వచ్చే సరుకు. లోడ్ ఎప్పుడూ మనం చెప్పిన టైముకి రాదు. తలుపు తెరవడానికి పావుగంట ముందు బండి వచ్చి ఆగితే స్టోర్ మొత్తం వెనక గుమ్మం వైపు పరిగెడుతుంది. డ్రైవర్ తొందరపెడతాడు, అట్టపెట్టెలు నడవాలో పేరుస్తారు, అత్యవసర ద్వారం ముందు కూడా పేరుస్తారు, ఇన్వాయిస్ మీద ఎవరో సంతకం గీకేస్తారు. దీనికి నేను పెట్టే నియమం కటాఫ్ టైము. తెరవడానికి ముప్పై నిమిషాల ముందు దాటి వచ్చిన లోడ్‌ని ఆ పొద్దున విప్పకూడదు. పెట్టెలు ఎన్నో లెక్కపెట్టి, సీలు ఉంటే సీలు నంబరు సరిచూసి, చిరిగిన తడిసిన పెట్టెలు విడిగా పెట్టి, ఇన్వాయిస్ మీద "పెట్టెలు 40 అందాయి, లోపలి సరుకు లెక్కించలేదు" అని రాసి సంతకం చేయాలి. ఈ ఒక్క వాక్యం రాయని సంతకం, లోపల ఉన్న ప్రతి వస్తువూ అందిందని మనం ఒప్పుకున్నట్టే చదువుతారు సప్లయర్లు. తర్వాత లోపల తక్కువ వస్తే మన మాట నిలవదు. ఇంకొకటి, సరుకు లెక్కించిన మనిషీ సిస్టమ్‌లో ఎక్కించే మనిషీ ఒకరే కాకుండా చూసుకోవాలి. చిన్న స్టోర్లలో ఇది కష్టం, తెలుసు. అయినా కనీసం లెక్కించిన కాగితం మీద ఇంకొకరి సంతకం ఉంటే చాలు.

ఇప్పుడు ఒక పొద్దున్ని పూర్తిగా చూద్దాం. స్టోర్ పదింటికి తెరుస్తారు, మనుషులు తొమ్మిదికి వస్తారు. సూపర్‌వైజర్ కాక ఐదుగురు: ఇద్దరు క్యాషియర్లు, ఇద్దరు స్టాక్ మనుషులు, ఫ్లోర్‌కి ఒకరు. లోడ్ 9:20కి రావాలి. రాత్రి ఒక ఆఫర్ మారింది.

మామూలు రోజున షీటు ఇలా ఉంటుంది. 9:00కి ఇద్దరే లోపలికి వెళ్తారు, మిగతావాళ్లు బయటే ఉంటారు. షట్టర్, తాళాలు, వెనక తలుపు చూసి, ఏదైనా బలవంతంగా తెరిచిన గుర్తు ఉంటే లోపలికి వెళ్లకుండా బయటికొచ్చి ఫోన్ చేస్తారు. అంతా బాగుంటే 9:10కి సూపర్‌వైజర్, మొదటి క్యాషియర్ సేఫ్ దగ్గర కూర్చుంటారు, 9:30 వరకు వాళ్లను ఎవరూ పిలవరు. అదే టైములో రెండో క్యాషియర్ అన్ని కౌంటర్ల మెషీన్లూ చూస్తాడు. మొదటి స్టాక్ మనిషి ట్యాగులు, 9:40 వరకు. రెండో స్టాక్ మనిషి వెనక గుమ్మం దగ్గర లోడ్‌కి సిద్ధం. ఫ్లోర్ మనిషి శుభ్రం చేయడం, నడవాలు, అత్యవసర ద్వారం ఖాళీగా ఉందో లేదో చూడటం, తర్వాత ర్యాకుల ముందువరసలు సర్దడం. 9:30 నుంచి 9:45 దాకా ఇద్దరు క్యాషియర్లూ తమ ఫ్లోట్ లెక్కపెట్టుకుంటారు. 9:50కి అందరూ ఐదు నిమిషాలు నిలబడి బ్రేకులెవరివి ఎప్పుడు, ఎవరి బదులు ఎవరు అని వింటారు.

ఒక రోజు 8:50కి రెండో క్యాషియర్ రాలేనని ఫోన్ చేశాడు. 9:20కి రావాల్సిన లోడ్ జాడ లేదు. ఇక్కడ చాలామంది సూపర్‌వైజర్లకి వెంటనే వచ్చే ఆలోచన "నేనే రెండో కౌంటర్‌లో కూర్చుంటాను" అని. మనసు మంచిదే, నిర్ణయం మంచిది కాదు. సూపర్‌వైజర్ కౌంటర్‌లో ఇరుక్కుంటే బిల్లు రద్దు చేయడానికి, సేఫ్ నుంచి చిల్లర ఇవ్వడానికి, గొడవ తీర్చడానికి లేచి వెళ్లాలి, లేదా క్యూ ఆపి మిగతా అందరినీ ఎదురుచూడమనాలి. పైగా సేఫ్ తాళం ఉన్న మనిషి చేతిలోనే గల్లాపెట్టె కూడా ఉంటుంది, లెక్క సరిచూడటానికి రెండో మనిషి ఉండడు.

నేనైతే షీటు మీద మూడు మార్పులు చేస్తాను. మొదటిది, పదింటికి ఒకే కౌంటర్ తెరుస్తాను. రెండో కౌంటర్ ఎదురుగా 10:30 అని రాసి, బిల్లింగ్ లాగిన్ ఉన్న ఫ్లోర్ మనిషి పేరు రాస్తాను. ఆమె ఫ్లోట్ మాత్రం 9:45లోపే లెక్కపెట్టి, సంతకాలయ్యాక సేఫ్‌లో పెట్టిస్తాను, ఎందుకంటే 10:30కి సేఫ్ దగ్గర కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. తెరిచిన మొదటి అరగంట రద్దీ ఒక కౌంటర్ తట్టుకుంటుందా అన్నది ఎవరి స్టోర్ బిల్లుల రిపోర్ట్ వాళ్లు చూసి తేల్చుకోవాలి. గంటవారీ రిపోర్ట్ ప్రతి సిస్టమ్‌లోనూ దాదాపుగా ఉంటుంది. తట్టుకోకపోతే 10:15 అని రాయాలి, అంతే తేడా. రెండోది, ర్యాకుల ముందువరసలు సర్దే పని ఆ పొద్దున కొట్టేస్తాను. కొట్టేశానని షీటులో గీత గీసి నా పేరు రాస్తాను. ఈ గీత ముఖ్యం. లేకపోతే ఫ్లోర్ మనిషి అది కూడా చేయాలని అన్ని పనులూ సగం సగం చేస్తుంది. మూడోది, మెషీన్ల పని వెనక గుమ్మం దగ్గర ఖాళీగా ఉన్న రెండో స్టాక్ మనిషికి ఇస్తాను, అదీ మొదటి కౌంటర్ వరకే. తేదీ, బిల్లు నంబరు, బ్యాచ్ స్లిప్పు చూసి రాయడానికి క్యాషియరే కానక్కర్లేదు.

9:35కి లోడ్ వచ్చింది. కటాఫ్ 9:30. పెట్టెలు లెక్క, పైన చెప్పిన వాక్యం, సంతకం, స్టాక్ రూమ్‌లో గోడ పక్కన పేర్చడం, అంతే. విప్పడం 11 తర్వాత, ఎదురుగా ఇద్దరు స్టాక్ మనుషుల పేర్లు. ట్యాగులు చేస్తున్న మొదటి స్టాక్ మనిషిని ఈ లోడ్ దగ్గరికి పిలవాలనే ఒత్తిడి చాలా ఉంటుంది. పిలవకూడదు. బండి డ్రైవర్ పది నిమిషాలు ఆగగలడు. పాత ట్యాగు కస్టమర్ చేతికి చిక్కాక మనం ఆపలేం.

గమనించండి, ఈ పొద్దున వదిలేసినవి ముందువరసలు సర్దడం, లోడ్ విప్పడం, రెండో కౌంటర్ అరగంట. వదలనివి సేఫ్ దగ్గర ఇద్దరు, నోట్ల వారీ ఫ్లోట్, పాత ట్యాగులు, అత్యవసర ద్వారం. మనుషులు తక్కువైనప్పుడు ఏది వదలాలో ముందే షీటు వెనకవైపు రాసి ఉంచుకుంటే సూపర్‌వైజర్ ఆ పది నిమిషాల కంగారులో ఆలోచించాల్సిన పని ఉండదు. పైన చెప్పిన వరస నాది, మీ స్టోర్‌లో చిల్లర్ ఉంటే దాని టెంపరేచర్ చూసి రాయడం వదలని వాటిలోకి చేరుతుంది, తాళమేసే గాజు అల్మారాలుంటే వాటిలో వస్తువుల లెక్క చేరుతుంది.

దీనికి నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. ఒకటి, ఇంత రాయడానికి టైమెక్కడిది అని. నిజానికి అంకెలు రాయాల్సిన చోట్లు చాలా తక్కువ: సేఫ్ మొత్తం, ఫ్లోట్ నోట్లు, బిల్లు నంబరు, స్కాన్ చేసిన ట్యాగులు, లోడ్ పెట్టెలు. లైట్లు, మ్యూజిక్ లాంటి వాటిని షీటులోంచే తీసేయండి. లైటు వేయకపోతే చీకటి, అది గుర్తుచేయడానికి కాగితం అక్కర్లేదు. నేను చూసిన నలభై వరసల చెక్‌లిస్టుల్లో సగానికి పైగా ఇలాంటివే. అవి పోతే మిగతావి శ్రద్ధగా రాయడానికి టైము దొరుకుతుంది.

రెండో అభ్యంతరం కొంచెం లోతైనది. పేరు రాసి, అంకె రాయించి, సంతకం తీసుకుంటే మనుషుల మీద నమ్మకం లేనట్టు కాదా అని. స్టాఫ్ నోటనే ఈ మాట విన్నాను, అందులో బాధ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఫ్లోట్ లెక్క రాయించే స్టోర్‌లో క్యాషియర్ సాయంత్రం తేడా వచ్చినప్పుడు కాగితం చూపించగలడు. రాయించని స్టోర్‌లో చూపించడానికి అతని దగ్గర ఏమీ ఉండదు, తన మాట తప్ప. జీతంలోంచి తేడా కోసే పద్ధతి ఉన్న చోట్ల ఈ కాగితం ఎవరికి ఎక్కువ అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఒక షరతు మాత్రం ఉంది. సూపర్‌వైజర్ పేరు కూడా షీటులో ఉండాలి, సూపర్‌వైజర్ లెక్కపెట్టిన అంకెల కింద కూడా ఇంకొకరి సంతకం ఉండాలి. కింది వాళ్లకే వర్తించే షీటు అయితే వాళ్లు అనే మాట నిజమే అవుతుంది. ఇంకా, పేర్లు వారం వారం మారాలి. ఎప్పుడూ ఒకరే లోడ్ దగ్గర, ఒకరే సేఫ్ దగ్గర ఉంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఆ పని తెలిసినవాళ్లు ఉండరు, ఆ పనిలో లోపం ఉన్నా బయటపడదు.

స్టోర్ తెరిచాక షీటు ఫైల్లోకి వెళ్లకూడదు. కౌంటర్ వెనకాల ఉండాలి, క్లోజింగ్ సూపర్‌వైజర్ చేతికి వెళ్లాలి. రాత్రి పెట్టె లెక్క తేలేటప్పుడు పక్కనే పొద్దున నోట్ల వరస ఉండాలి. పొద్దున ఏ వరస ఎదురుగా టైము దాటిందో కూడా అక్కడే కనిపిస్తుంది. నెలకొకసారి ఆ షీట్లన్నీ ముందేసుకుని ఆ ఆలస్యాలు మాత్రం చూడండి. ఫ్లోట్ లెక్క పదేపదే ఆలస్యమవుతుంటే, తప్పు పొద్దున మనుషులది అయ్యే అవకాశం తక్కువ. రాత్రి క్లోజింగ్‌లో చిన్న నోట్లు విడదీసి ఫ్లోట్లు కట్టి పెట్టడం లేదని అర్థం. అప్పుడు మార్చాల్సింది క్లోజింగ్ షీటు. అందులో ఒక వరస చేర్చి, ఎదురుగా ఒక పేరు రాస్తే మర్నాడు 9:30కి క్యాషియర్లు కట్టి ఉన్న ఫ్లోట్ విప్పి లెక్క చూసుకుంటే సరిపోతుంది.